సబ్జెక్ట్ లైన్లకు రెండో కన్ను

నాకు తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ముప్పై నాలుగేళ్ళు రాజోలు చుట్టుపక్కల బళ్ళలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముహూర్తం తర్వాత చూస్తాను, ముందు స్పెల్లింగు చూస్తాను. చర్చిలో పాటల కాగితం ఇస్తే పాడటం మానేసి పెన్ను వెతుక్కుంటాను. మా ఆయన స్టీఫెన్ గారు, "ఇందిరా, రేపు పరలోకానికి వెళ్ళినా జీవగ్రంథంలో అచ్చుతప్పులు దిద్దుతావు నువ్వు" అని వేళాకోళం చేస్తారు. ఉంటే దిద్దొద్దూ మరి?

ఈ రోగానికి జీతమిచ్చేవాడు కూడా దొరికాడు. నా దగ్గర చదువుకున్న నాగసతీష్ అమలాపురం గడియార స్తంభం దగ్గర, కొబ్బరినూనె కొట్టు మేడ మీద, రెండు గదుల ఆఫీసు పెట్టాడు. పని విని మొదట నవ్వాను. కాలేజీలు, కొట్లు, కంపెనీలు జనానికి ఈమెయిళ్ళు పంపుతాయి కదా, ఆ మెయిలు తెరవకముందే పైన ఒక వరస కనిపిస్తుందే, సబ్జెక్ట్ లైను, అది దిద్దడం. లోపల ఉత్తరంతో మాకు పని లేదు. ఆ ఉత్తరం మాకు పంపరు కూడా. ఒక్క వరస, అంతే.

"ఒక్క వరసకి ఓ ఆఫీసా? ఎవడైనా వింటే నవ్వుతాడురా" అన్నాను.

"ఆయ్, నవ్వుతారండీ. కానీ టీచరుగారూ, ఆ ఒక్క వరసలో మూడు కామాలుంటే ఎవరూ మెయిలు తెరవరండీ. దొంగ మెయిలనుకుంటారు" అన్నాడు.

నిజమే. ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఆయన పంపిన లైను నా మొదటి రోజు పని. fresh Pootharekulu,, order Today!!! అని ఉంది. మొదటి అక్షరం పెద్దది చేశాను. మధ్యలో పెద్దక్షరాలు అనవసరంగా ఉన్నవి చిన్నవి చేశాను. రెండు కామాల్లో ఒకటి తీశాను, మూడు ఆశ్చర్యార్థకాలూ తీసేశాను. పూతరేకులు తిన్నాక జనమే ఆశ్చర్యపోతారు, ముందే అరవడం దేనికి?

మా పద్ధతి ఇది. కంప్యూటర్లో ఒక పట్టిక. మొదటి గడిలో వాళ్ళు పంపిన లైను, దాన్ని ముట్టుకోకూడదు. రెండో గడిలో దిద్దిన లైను. మూడోది సందేహం గడి. తర్వాత రెండు పొడి సంతకాలు: దిద్దిన వాళ్ళది ఒకటి, దాన్ని మళ్ళీ చూసిన వాళ్ళది ఒకటి. ఆ రెండో మనిషిని మా ఆఫీసులో 'రెండో కన్ను' అంటాం. దిద్దేది మూడే మూడు: స్పెల్లింగు, పెద్దక్షరం చిన్నక్షరం, పొరపాటున పడ్డ చుక్కలూ కామాలూ. అర్థం జోలికి పోకూడదు. పద్నాలుగో తేదీ ఆదివారం అని రాసి పంపుతారు, క్యాలెండరు చూస్తే శనివారం. తేదీ తప్పా, వారం తప్పా, మనకేం తెలుసు? ఉన్నది ఉన్నట్టు ఉంచి, సందేహం గడిలో అడగాలి. రెండో కన్నుకి ఏదైనా మార్చాలనిపిస్తే ఆ గడికి పసుపు రంగు వేసి మొదటి మనిషికి చెప్పాలి. ఇవన్నీ సతీష్ గోడకి అంటించాడు. ఆ కాగితంలో తప్పులు కూడా నేనే దిద్దాను.

నాలుగు నెలల్లో నన్ను రెండో కన్నుని చేశాడు. నా ముందు కూర్చుని మొదట దిద్దేది దుర్గాశ్రీ. కొత్తపేట నుంచి రోజూ బస్సులో వస్తుంది. డిగ్రీ చదివి, రావులపాలెంలో చీరల కొట్లో రెండేళ్ళు నిలబడింది. నిలబడటమంటే నిజంగా నిలబడటమే. పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చోనివ్వరట, సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావట. ఇక్కడ ఆరు నెలల ట్రైనింగు. ఆ నెలాఖరు శనివారం సతీష్ ఉంచుతాడో పంపేస్తాడో చెప్పాలి. పంపేస్తే మళ్ళీ ఆ చీరల కొట్టే గతి. "నాకు ఇంకేం వద్దండీ టీచరుగారూ, ఇక్కడుంచితే చాలు" అని వారానికోసారైనా అనేది. పిల్ల నెమ్మది. చేసే పని చీమ పంచదార మోసినంత శ్రద్ధగా చేస్తుంది. నేను మాత్రం రోజుకి పదిసార్లు కసిరేదాన్ని. నా నోరు అలాంటిది.

ఆ వారం సోమవారం సముద్రం వైపున్న ఒక నర్సింగ్ కాలేజీ వాళ్ళు ఇరవై లైన్లు పంపారు. ఫీజుల గురించి, హాస్టలు గురించి, ఏవేవో. వాటిలో ఒకటి సీటు రాక వెయిటింగ్ లిస్టులో ఉన్న ముప్పై ఎనిమిది మంది పిల్లలకి వెళ్ళేది.

waiting list : Your seat may be confirmed on friday,,

దుర్గ దాన్ని చక్కగా దిద్దింది. మొదటి అక్షరం పెద్దది చేసింది, రెండు చుక్కల ముందు ఖాళీ తీసింది, శుక్రవారానికి పెద్దక్షరం పెట్టింది, చివరి కామాలు కొట్టేసింది. Waiting list: Your seat may be confirmed on Friday. కిందా మీదా చూసినా వంక లేదు. తన పొడి సంతకం పెట్టి బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

నేను చదివాను. శుక్రవారం మీ సీటు ఖాయం కావచ్చు. కావచ్చేమిటి, కావచ్చు! ఆడపిల్లలు నెల రోజులుగా ఫోను పట్టుకుని కూర్చుంటే, ఖాయం కావచ్చు, కాకపోవచ్చు, చూద్దాం, అని చెప్పడానికి ఒక ఉత్తరమా? నాకు ఒళ్ళు మండింది. నేను ప్రోగ్రెస్ కార్డుల్లో ఏనాడూ 'పాసవ్వచ్చు' అని రాయలేదు. ఎంత మొద్దు పిల్లాడికైనా 'పాసవుతాడు' అనే రాశాను. ఆ గుమాస్తాకి ఇంగ్లిష్ రాక, మర్యాదగా ఉంటుందని may పెట్టుంటాడు, చెప్పాలనుకున్నది will అయ్యుంటుంది, అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. మార్చేశాను. Your seat will be confirmed on Friday. పసుపు రంగు వేయలేదు. సందేహం గడిలో రాయలేదు. మూడక్షరాల మాటకి ఇంత హంగామా దేనికనుకున్నాను. నా సంతకం పెట్టి పట్టిక పంపేశాను. ఇంటికెళ్ళి పులస చేపల ధర గురించి మా ఆయనతో వాదించి పడుకున్నాను కూడా.

శుక్రవారం పదకొండింటికి సతీష్‌కి ఫోను వచ్చింది. మాట్లాడుతూనే మొహం పాలిపోయింది. చివరికి, "ఆయ్ అండీ, చూస్తానండీ, ఇప్పుడే చూస్తానండీ" అని పెట్టేశాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"నర్సింగ్ కాలేజీ మేడమ్ గారండీ. పొద్దున్నుంచీ వాళ్ళ ఆఫీసుకి ఫోన్లేనంట. సీటు ఖాయమని మెయిలొచ్చింది కదా, ఎప్పుడు చేరాలి అని. ఒక తండ్రైతే కూతుర్ని, పెట్టెనీ, పరుపు చుట్టనీ ఆటోలో వేసుకుని హాస్టలు గుమ్మంలో దింపేసేడంట. ఎవరైనా మానేస్తేనే వీళ్ళకి సీటని మెయిలు లోపల రాసేరంట. అక్కడ ఒక్క సీటూ ఖాళీ అవ్వలేదండీ."

లోపల రాశారట. పైన సంతోషం కనిపిస్తే లోపల ఎవరు చదువుతారు?

సతీష్ సోమవారం నాటి పట్టిక తెరిచాడు. మొదటి గడిలో may, రెండో గడిలో will. పక్కన దుర్గ పొడి సంతకం. దాని పక్కన నాది. మా ఆఫీసులో అందరికీ ఒకటే లాగిన్, ఎవరు ఏ అక్షరం కొట్టారో కంప్యూటరు చెప్పలేదు.

"దుర్గా, ఇదేంటమ్మా?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

దుర్గ లేచి నిలబడింది. స్క్రీన్ వంక చూసింది. "నేను మార్చలేదండీ…" అంది. మళ్ళీ చూసింది. "ఏమోనండీ. బస్సు కంగారులో చెయ్యి జారి కొట్టేసేనేమోనండీ. నాకు గుర్తు లేదండీ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి కళ్ళజోడు మీదికి పోయింది. నోరు మాత్రం పెగల్లేదు. రోజంతా ఆగని నా నోరు అప్పుడు చచ్చింది. ముప్పై నాలుగేళ్ళు అందరి తప్పులూ ఎర్ర సిరాతో చుట్టిన దాన్ని, ఆ కుర్రాడి ముందు 'నేనే' అనే రెండక్షరాలు అనలేకపోయాను. సిగ్గు. ఇంకేం లేదు, సిగ్గు.

సతీష్ నా వైపు తిరిగి, "మీ కన్ను తప్పించుకుందంటే ఇదే మొదటిసారండీ టీచరుగారూ. ఇరవై లైన్లలో ఒకటి, జరుగుతుంది లెండి" అన్నాడు. నన్ను క్షమించేశాడు! దుర్గతో మాత్రం, "రేపు మాట్లాడుకుందామమ్మా" అన్నాడు. రేపు శనివారం. ఆ మాటకి అర్థమేమిటో ముగ్గురికీ తెలుసు.

మధ్యాహ్నం దుర్గ క్యారేజీ తెరవలేదు. నేను తెరిచాను గానీ మళ్ళీ మూత పెట్టేశాను. కాసేపటికి పిల్ల నా పక్కకి కుర్చీ లాక్కుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండును, ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని.

"టీచరుగారూ, మీకో మాట చెప్పాలండీ" అంది. "మీ సంతకం కింద తప్పు పంపించేనండీ. మీ పేరు పాడు చేసేను. నన్ను ఉంచినా ఉంచకపోయినా పర్లేదండీ, మీరు మాత్రం కోపం పెట్టుకోకండి. ఈ ఆరు నెలల్లో మీ దగ్గర నేర్చుకున్నంత నేను కాలేజీలో నేర్చుకోలేదండీ."

అయ్యో, నా తల్లీ! చేసింది నేను, మొహం దించుకున్నది అది, పైగా క్షమాపణ నాకు!

"లేవ్వే" అన్నాను.

"ఎక్కడికండీ?"

"లే అంటుంటే. సతీషు దగ్గరికి."

సతీష్ బల్ల దగ్గర నిలబడి చెప్పేశాను. చుట్టూ తిప్పలేదు. "ఆ మాట మార్చింది దుర్గ కాదు, నేను. ఇది సరిగ్గానే దిద్దింది. ఇది వెళ్ళిపోయాక నేను may తీసి will పెట్టాను. రంగు వేయలేదు, దీనికి చెప్పలేదు, పొద్దున్న నువ్వు అడిగినప్పుడు దొంగలా నోరు మూసుకున్నాను. తప్పు నాది. పంపిస్తే నన్ను పంపించు."

దుర్గ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు మార్చేరండీ?" అన్నాడు సతీష్.

"పిల్లలు పాపం ఎదురు చూస్తుంటారు కదరా. ధైర్యంగా ఉంటుందని. మన బళ్ళో కార్డుల మీద అలాగే రాసేదాన్నిగా."

"నా కార్డు మీద కూడా రాసేరండీ. 'లెక్కల్లో పోయినా ఇంగ్లిష్‌లో పాసవుతాడు' అని. రాసి ఊరుకున్నారా? రెండు నెల్లు రోజూ సాయంత్రం నన్ను మీ అరుగు మీద కూర్చోబెట్టేరు. పాసయ్యేదాకా ఇంటికి పోనివ్వలేదు. మీరు రాసేరు, మీరే నిజం చేసేరు. ఈ ముప్పై ఎనిమిది మందికీ సీట్లు ఎక్కణ్ణించి తెస్తారండీ?"

నా క్లాసులో ఆఖరి బెంచీ వాడు నాకు పాఠం చెప్పాడు, అది నూటికి నూరు పాళ్ళూ నిజం. ఇచ్చే సత్తా ఉన్నప్పుడే మాట ఇవ్వాలి. ఆ సీట్లు నావి కావు, ఆ ఉత్తరం నాది కాదు, ఆ మాటా నాది కాదు.

"మేడమ్ గారికి మీరే ఫోను చేసి చెప్పండీ" అన్నాడు సతీష్. "పొద్దున్న పట్టిక చూసేక మళ్ళీ ఫోను చేసి దుర్గ పేరు చెప్పేసేనండీ. అది మీరే తుడవాలి."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాను కాబట్టి కడిగాను. కాలేజీ మేడమ్ మొత్తం ఓపిగ్గా విన్నారు. మర్యాద గల మనిషి. "మీరు పెద్దవారు, దయతోనే చేసేరండీ. కాదన్ను" అన్నారు. "కానీ మీ దయ ఇప్పుడు మా గుమ్మంలో పెట్టె మీద కూర్చుని ఏడుస్తోందండీ. దానికి నేనేం చెప్పను?" నేను క్షమించమన్నాను. ఆ పిల్లతో ఒకసారి మాట్లాడతానన్నాను. "ఇప్పుడు వద్దండీ. ఆ పిల్లకి ఇంకో మంచి మాట వినే ఓపిక లేదు" అన్నారు. ఫోను పెట్టేశాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కింద కొట్లో నూనె కొనడానికి వచ్చిన వాళ్ళు తలెత్తి చూశారు. చూడనీ.

శనివారం పొద్దున్నే సతీష్ చెప్పాల్సింది చెప్పాడు. దుర్గ ఉద్యోగం ఖాయం. ఇకనుంచి రెండో కన్ను దుర్గ. నేను మొదట దిద్దేదాన్ని, నా పని దుర్గ చూస్తుంది. అరవై రెండేళ్ళ దాన్ని ఇరవై నాలుగేళ్ళ పిల్ల తనిఖీ చేస్తుంది. అహం చచ్చిందా అంటే అబద్ధం ఎందుకు, చావలేదు. మూలిగింది. కానీ న్యాయమే కదా, నోరు మూసుకున్నాను. ఈసారి నోరు మూసుకోవడంలో మర్యాద ఉంది.

"టీచరుగారూ, నాకు భయంగా ఉందండీ. మీది నేను చూడ్డమేంటండీ?" అంది దుర్గ.

"భయపడకు. నేను తప్పు చేస్తే కసురు. నేను నిన్ను కసిరిన లెక్కంతా తీర్చుకో" అన్నాను. నవ్వింది.

పదింటికి నర్సింగ్ కాలేజీ నుంచి ఒకే ఒక్క లైను వచ్చింది. మళ్ళీ మా దగ్గరికే పంపారు, అదే పెద్ద గౌరవం. ఆ ముప్పై ఎనిమిది మందికీ పన్నెండు లోపల వెళ్ళాలట. పట్టికలో నా వంతు. తెరిచాను.

CORRECTION :: your seat is NOT confirmed !!

సవరణ. మీ సీటు ఖాయం కాలేదు.

సోమవారం అయితే దీన్ని ఎన్ని రకాలుగా మెత్తబరిచేదాన్నో! ముందు ఒక 'దయచేసి' పెట్టేదాన్ని. 'ఇంకా' అని ఒక్క మాట చేర్చేదాన్ని, ఇంకా ఖాయం కాలేదంటే ఎంతో కొంత ఆశ ఉంటుంది కదా. ఆ పెట్టె మీద కూర్చున్న పిల్ల పేరు కూడా నాకు తెలియదు. అది ఏ ఊళ్ళో ఉందో, ఇంటికెళ్ళిందో లేదో, పరుపు చుట్ట విప్పిందో లేదో.

రెండో గడిలో కొట్టడం మొదలుపెట్టాను. మొదటి మాటలో మొదటి అక్షరం తప్ప మిగతావి చిన్నవి చేశాను. నాలుగు చుక్కల్లో రెండు తీశాను. ముందున్న ఖాళీ తీశాను. yourకి పెద్దక్షరం పెట్టాను. చివరి ఆశ్చర్యార్థకాలు రెండూ తీశాను. ఆ NOT దగ్గర ఆగిపోయాను. మూడూ పెద్దక్షరాలు. చిన్నవి చేస్తే కాస్త తక్కువగా గుచ్చుకుంటుంది. పెద్దక్షరాలు దిద్దడం మా పనే కదా, నియమం ఒప్పుకుంటుంది కదా అని లోపలి నుంచి ఒక గొంతు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. సోమవారం మాట్లాడింది అదే.

"దుర్గా, ఇలా రావే" అన్నాను. "ఈ NOT చిన్నది చెయ్యాలనుంది నాకు. నియమం కోసమో, నా కోసమో తెలియట్లేదు."

పిల్ల వంగి చూసింది. "వాళ్ళు కావాలనే గట్టిగా చెప్పేరేమోనండీ. మనకి తెలీదు కదండీ. సందేహం గడిలో అడుగుదామండీ" అంది.

అడిగాను. పెద్దక్షరాలు కావాలనే పెట్టారా, చిన్నవి చేయమంటారా, అని రాసి పంపాను. పావుగంటలో జవాబు వచ్చింది. కావాలనే పెట్టాం, అలాగే ఉంచండి, ఈసారి ఎవరూ ఇంకోలా అనుకోకూడదు.

ఉంచాను. Correction: Your seat is NOT confirmed. నా పొడి సంతకం దిద్దిన వాళ్ళ గడిలో పెట్టి లేచాను.

దుర్గ నా కుర్చీలో కూర్చుంది. వాళ్ళు పంపినదీ నేను కొట్టినదీ ఒక్కో మాట మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. నేను వెనకాల నిలబడ్డాను. పరీక్ష రాసి మాస్టారి ముందు నిలబడ్డ పిల్లలకి ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

"ఏమీ మార్చలేదండీ టీచరుగారూ. సరిగ్గా ఉందండీ" అంది.

నా కళ్ళు నిండిపోయాయి. "అయితే పంపెయ్యవే తల్లీ" అన్నాను.